రెండు వేళ్ళ గుడ్డ

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సు బేస్తవారిపేట దాటి కొంత దూరం పోయాక వెనక టైరు పంక్చరై ఆగింది. డ్రైవరు దిగి టైరును ఒక తన్ను తన్ని, అది తన పరువు తీసినట్టు దాని వైపు చూసి, కండక్టరును కేకేశాడు. జనం ఒక్కొక్కరే దిగి రోడ్డు పక్క వేపచెట్ల నీడకు చేరారు. దిగినవాళ్ళలో మార్తమ్మ ఒకతె. గిద్దలూరు స్టేషను రోడ్డులో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. నెలకోసారి సరుకు కోసం మార్కాపురం పోయొస్తుంది. ఆమె చంకలోని సంచిలో లైనింగు గుడ్డ, జిప్పులు, దారపు రీళ్ళు, హుక్కుల పెట్టెలు ఉన్నాయి.

నీడలో కూలబడి బొరుగుల పొట్లం విప్పబోతూ, ఎదురుగా నిలబడ్డ ఒక భుజాన్ని చూసింది.

లోకంలో చాలామంది మనుషులను ముఖం చూసి గుర్తుపడతారు. చెప్పులు కుట్టేవాడు పాదం చూసి గుర్తుపడతాడు, మంగలి నెత్తి చూసి గుర్తుపడతాడు. మార్తమ్మకు ముఖాలు నిలవవు. భుజాలు మాత్రం పదేళ్ళయినా నిలుస్తాయి. ఆ కనిపించే జతలో ఎడమ భుజం కుడిదాని కంటే అరంగుళం కిందికి జారి ఉంది. బడి సంచి ఏళ్ళ తరబడి ఒకే పక్క మోసిన పిల్లల భుజం అట్లా ఉంటుంది. అది లావుపాటి నల్ల చలికోటులో ఉంది. జిప్పు గొంతు దాకా బిగించి ఉంది. జులై నెల, వాన జాడ లేని ఎండ, మేకలు కూడా నోరు తెరుచుకుని నిలబడ్డ మధ్యాహ్నం.

"ఏమ్మే, దావీదన్న కూతురివి కాదూ?" అంది మార్తమ్మ.

ఆ పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. "మార్తమ్మత్తా! నువ్వా!"

లీదియాయే. రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగు పనివాడు దావీదు కూతురు. కిందటేడు డాక్టరు చదువుకని కిర్గిజ్‌స్తాన్ దేశంలోని బిష్కెక్కు పోయింది. ఆ పేరు సరిగ్గా పలకడానికి వాళ్ళ వీధికి ఆరు నెలలు పట్టింది. సెలవులకు వచ్చి నాలుగు రోజులైందట.

"ఈ ఎండకు ఆ కోటేంది పిల్లా? ఒళ్ళు ఉడకట్లా?"

"ఆడ చలికి అలవాటైపోయిందత్తా."

"చలికి అలవాటైన మనిషి ఎండలో విప్పుకోవాల గానీ తొడుక్కుంటదా?"

లీదియా నవ్వింది గానీ జిప్పు మీది చెయ్యి తియ్యలేదు. రెండో చేతిలో తాడుతో కట్టిన అట్టపెట్టె ఉంది. పెట్టె మీద ఒక పలక బొమ్మ, ఆ పలక మీద రెండు పాదాల గుర్తులు ఉన్నాయి.

"అదేంది, పాదాల కొలతదా?"

"బరువు చూసే మిషనత్తా. ఇంట్లోకి."

మార్తమ్మ పొట్లం ముందుకు జరిపింది. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ, కాస్త నిమ్మరసం కలిసిన బొరుగులు. లీదియా కళ్ళు పొట్లం మీద వాలి, కాలిన దాని మీద పడ్డట్టు వెంటనే లేచాయి.

"వద్దత్తా. ఉపవాసంలో ఉన్నా. ఇరవై ఒక్క రోజులు."

మార్తమ్మ గబుక్కున పొట్లం మడిచేసింది. ఉపవాస ప్రార్థనలో ఉన్నవాళ్ళ ముందు నమలడం మర్యాద కాదు. ఎందుకు ఉపవాసమని అడగడం అంతకంటే కాదు. అది ఆ మనిషికీ దేవునికీ మధ్య సంగతి. ఇంత దూరం పోయి చదువుకుంటూ కూడా భక్తి మరవలేదే అని సంతోషపడింది.

టైరు మారింది, హారను మోగింది. లీదియా పెట్టె ఎత్తుకోవడానికి వంగినప్పుడు కోటు అంచు పైకి లేచింది. లోపల ఆకుపచ్చ చుడీదారు. పక్క కుట్టు విడిపోయి, విడిపోయినచోట మూడు పిన్నీసులు వరసగా మెరిశాయి.

ఆ చుడీదారు కుట్టింది మార్తమ్మే. తన కుట్టుకు పిన్నీసా!

*

మార్తమ్మది రాచర్ల పక్క పల్లె. పదిహేడేళ్ళకు పెళ్ళయి గిద్దలూరు వచ్చింది. మొగుడు కుట్టు మిషను కొనిచ్చి, మూడేళ్ళకే జ్వరంతో పోయాడు. ఆమె మిషనును నమ్ముకుంది, మిషను ఆమెను నమ్ముకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బతుకుతున్నాయి. బట్ట ఇచ్చేటప్పుడు ఆమె రెండు మాటలు ఎప్పుడూ అనదు. బాగా కుదిరిందా అని అడగదు, పోయిరా అని చెప్పదు. కుదిరితే కళ్ళకు కనిపిస్తుంది, పోయేవాళ్ళు ఎట్లాగూ పోతారు అంటుంది. పెళ్ళికి పిలిచినా, చావుకు పిలిచినా అంతే. పని చూసుకుని సంచి తీసుకుని లేచిపోతుంది. మొదట్లో వీధివాళ్ళు తప్పు పట్టుకున్నారు. తర్వాత అది మార్తమ్మ తీరు అనుకుని ఊరుకున్నారు.

ఆమెకు రెండు అలవాట్లున్నాయి. ఏ బట్ట కుట్టినా పక్క కుట్లలో రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపలే మడిచి వదులుతుంది. కత్తిరించి పారేస్తే బట్ట లోపల చూపుకు నీటుగా ఉంటుంది, నిజమే. "మనిషి ఏమన్నా రాతిబొమ్మా, ఉన్నట్టే ఉండడానికి?" అంటుంది. రెండోది కొలతల పుస్తకం. పేరు, తేదీ, ఛాతీ, నడుము, చంక. ఎవరిదీ కొట్టెయ్యదు. పాత కొలత కింద కొత్తది రాస్తుంది. ఆ పుస్తకం తిరగేస్తే గిద్దలూరు ఆడవాళ్ళ కథలన్నీ అంగుళాల్లో దొరుకుతాయి. కాన్పులు, బెంగలు, జబ్బులు, బదిలీలు అన్నీ అందులో ఉన్నాయి.

బదిలీల దగ్గర ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఊరు మారిన మనిషికి మొదటి ఏడు ఒళ్ళు మారుతుంది. నర్సు చదువుకని హైదరాబాదు హాస్టలుకు పోయిన పిల్లలు ఏడాదికి ఒకటిన్నర అంగుళం, రెండంగుళాలు పెరిగి వస్తారు. ఇద్దరో ముగ్గురో చిక్కి వస్తారు. రెండో ఏడు అందరూ దాదాపు ఉన్నచోటే నిలబడతారు. ఆమె ఎన్నడూ దాన్ని వింతగా అనుకోలేదు. ఈ పడమటి మండలాలవాళ్ళకు మార్పు కొత్త కాదు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, డెబ్బైలో ఒంగోలు వైపు కలిపారు, మూడేళ్ళ కిందట రాష్ట్రమే రెండైంది. గడప దాటకుండా కూచున్న ముసలమ్మకు కూడా ఇన్ని మార్పులు జరిగితే, విమానమెక్కి పోయిన పిల్లకు నడుము కొలత మారడం ఎంత!

కానీ ఆ పిన్నీసులు ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

మూడో రోజు లీదియా తల్లి మణెమ్మ కొట్టుకు వచ్చింది. చేతిలో వంగపండు రంగు కొత్త గుడ్డ, దాంతోపాటు ఆదికని కిందటేటి జాకెట్టు ఒకటి. ఇక్కడ ఎక్కువగా కొలతకు మనిషిని తీసుకురారు, కుదిరిన పాత బట్టను తెస్తారు. దాన్ని పరిచి దాని లెక్కన కోస్తారు. మనిషి సిగ్గుపడనక్కర్లేదు, టేపు పట్టనక్కర్లేదు.

"వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం వదినె," అంది మణెమ్మ. "మొదటేడు పాసైంది గదా. దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరమ్మ. ఈ గుడ్డతో చీర మీదికి జాకెట్టు కుట్టియ్యాల."

"ఆది పాతది గదా వదినె. పిల్ల కొంచెం ఒళ్ళు చేసింది."

"చేసింది గదా!" మణెమ్మ ముఖం వెలిగిపోయింది. "రైలు దిగంగానే నేనదే అన్నా, ఏందే ఇంత ఒళ్ళు చేసినావు అని. వాళ్ళ నాయన, మా ఆడబిడ్డ, అందరూ అదే మాట. పోయేటప్పుడు ఎట్ల ఉన్నది, పుల్ల లెక్క! అయినా ఆమే చెప్పింది, పాత ఆదితోనే కుట్టమను, ఆ రోజుకు సరిపోతాది అని. ఉపవాసంలో ఉంది గదా. పగలంతా నీళ్ళు, పొద్దు మునిగినాక ఒక అరటిపండు. ఎంత భక్తో! చర్చిలో అందరూ మెచ్చుకుంటాండారు."

మార్తమ్మ చేతిలో సుద్ద ఆగిపోయింది.

పాత ఆదితోనే కుట్టమంది. ఆ రోజుకు సరిపోతుందంది. అంటే ఆ ఉపవాసం దేవుని కోసం కాదు, ఈ జాకెట్టు కోసం. ఇంట్లోవాళ్ళు ఎవరూ అడగరు. అడిగితే భక్తికి అడ్డం వచ్చినట్టు. పిల్ల ఎండిపోతుంటే ఊరంతా కూచుని ఆమెన్ అంటోంది.

"వదినె, లీదియాను ఒకసారి పంపు. మెడ ఎట్ల కావాల్నో అడగాల," అని ఊరుకుంది.

*

మర్నాడు పొద్దున లీదియా వచ్చింది. కోటుతోనే వచ్చింది. పెదాలు పగిలి, కళ్ళ కింద నలుపు దిగింది. మార్తమ్మ మెడలో టేపు తియ్యగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"కొలత వద్దత్తా. ఆది ఉంది గదా."

"ఆది జాకెట్టుది. నేను కుట్టేది నీకు."

"నేను ఆ ఆదికి వస్తా. మూడు కిలోలు తగ్గినా అప్పుడే. పొద్దున, రేత్రి బరువు మిషనెక్కి చూసుకుంటాండా. ఇంక నాలుగే."

"రాకపోతే?"

"రాకపోతే ఆదివారం స్టేజీ ఎక్కను." నేల చూస్తూ అంది. "సెప్టెంబరుకు తిరిగి కూడా పోను. ఒక్క ఏడాదికే ఏడు కిలోలత్తా. డాక్టరయ్యేసరికి ఎంతయితానో లెక్కేసుకో."

మార్తమ్మ ఏదో అనబోయింది. ఆలోపల లీదియా కుట్టు మిషను బల్ల పట్టుకుంది, బల్ల మీది దారపు రీళ్ళు దొర్లాయి, ఆమె కూడా మెల్లగా కిందికి జారింది.

పెద్ద ఆపద కాదు, కళ్ళు తిరిగాయి. మార్తమ్మ ఆమెను గుడ్డముక్కల మూట మీద పడుకోబెట్టి, కోటు జిప్పు లాగి, తేరుకున్నాక నిమ్మరసంలో ఉప్పు, చక్కెర వేసి గుక్కగుక్కగా తాగించింది. ఆ తర్వాత కొట్టుకు తలుపేసి, ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి స్టాఫు నర్సు కృష్ణమ్మ పదేళ్ళుగా ఆమె దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది.

మార్తమ్మ చెప్పిందంతా విని కృష్ణమ్మ బీపీ చూసింది, వేలు గుచ్చి చక్కెర చూసింది. రెండూ తక్కువే. డాక్టరమ్మ వచ్చి చూసి, థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకుంటే అనుమానం ఉండదని రాసిచ్చి, ముందు అన్నం తినమని చెప్పి పోయింది. కృష్ణమ్మ మాత్రం స్టూలు లాక్కుని కూచుంది.

"ఇప్పుడు చెప్పు కాబోయే డాక్టరమ్మా," అంది. "ఆడ పొద్దున ఏం తింటావు?"

"ఏం తినను సిస్టరమ్మా. చలికాలం ఎనిమిదింటికి కూడా చీకటే. క్లాసుకు ఉరుకుతా."

"పదింటికి ఆకలైతే?"

"క్యాంటీన్‌లో ఆలుగడ్డ పెట్టిన బన్ను. ఇంకోటి. తీపి టీ."

"నడక?"

"ఈడ బడికి రోజూ ఆరు కిలోమీటర్లు పోయొచ్చేదాన్ని. ఆడ మంచులో ఎవరు నడుస్తారు? హాస్టలు ముందే బస్సు."

"నిద్ర?"

"ఎముకల పేర్లు వస్తే నిద్ర రాదు, నిద్ర వస్తే ఎముకలు రావు."

కృష్ణమ్మ నవ్వింది. "రేత్రి అన్నం?"

"ఏడింటికి మెస్సులో తింటా," అంది లీదియా. "తొమ్మిదింటికి అమ్మ వీడియో ఫోను చేస్తుంది. నాయన డ్యూటీ దిగినాక. తిన్నావా అంటుంది. తిన్నా అంటే నమ్మదు. చూపించు అంటుంది. ఒకరోజు ఖాళీ గిన్నె చూపిస్తే ఏడ్చింది. అందుకని..."

"అందుకని?"

"మళ్ళీ వండుకుని, అమ్మ చూస్తాండంగా తింటా. రోజూ. నేను తింటాంటే ఆమె కూడా ఈడ తినేది. నాకూ బాగుండేది. ఆ ఒక్క గంట ఇంట్లో ఉన్నట్టు."

మార్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏడాది పొడుగునా రెండు రాత్రి భోజనాలా! ఏడు కిలోలేనా వచ్చింది? నేనైతే విమానం తలుపు పట్టకపోదును!"

లీదియా కూడా నవ్వింది. వారం రోజుల తర్వాత మనసారా నవ్వడం, గొంతు బొంగురుగా వచ్చింది.

"ఇది నీ తప్పు కాదు, మీ అమ్మ తప్పూ కాదు," అంది కృష్ణమ్మ. "చోటు మారింది. తినే వేళ మారింది, నడక పోయింది, నిద్ర తగ్గింది, బెంగకు తీపి తోడైంది. దూరదేశం పోయిన పిల్లల్లో చానామందికి మొదటేడు రెండు మూడు కిలోలు పెరుగుతాయి. కొందరు తగ్గుతారు కూడా. నీకు కొంచెం ఎక్కువే పెరిగింది, అంతే. నీ ఎత్తెంత, నూటయాభై ఎనిమిదా? ఆడినుంచి వచ్చినప్పుడు యాభై ఏడు కిలోలా? ఆ ఎత్తుకు దాటగూడని గీతకు ఇవతలే ఉన్నావు. ఏటా ఇదే లెక్కన పెరుగుతావని ఎవరు చెప్పినారు నీకు? కొత్త చోటు అలవాటైతే ఒళ్ళూ నెమ్మదిస్తుంది."

"మరి మూడు కిలోలు తగ్గినా గదా వారంలో!"

"దాంట్లో ఎక్కువ నీళ్ళు. బట్ట ఉతికి పిండితే బరువు తగ్గుతుంది, గుడ్డ తగ్గుతుందా? అన్నం ముట్టంగానే ఆ నీళ్ళు తిరిగి వస్తాయి. కడుపు మాడ్చుకుంటే కండ కూడా పోతుంది. ఆ తర్వాత వచ్చే ఆకలికి రెండు కాదు, మూడు భోజనాలు చేస్తావు. పొద్దున ఏదన్న తిను, గుడ్డో, పాలో, రొట్టో. రాత్రి ఒక్కసారే తిను. పప్పు, కూరలు రూములో పిల్లలతో కలిసి వండుకో. మంచైతే హాస్టలు మెట్లు ఎక్కిదిగు. నిద్రపో. ఆ మిషను రోజుకు రెండుసార్లు ఎక్కితే అది నిన్ను ఏడిపిస్తుందే గానీ సన్నం చెయ్యదు. రెండు వారాలకోసారి చాలు."

"అది నాకియ్యి," అంది మార్తమ్మ. "గుడ్డముక్కలు దిండ్లవాడికి తూకమేసి అమ్ముతా. వాడు నన్ను మోసం చేస్తాండాడని ఎప్పటినుంచో అనుమానం."

*

కొట్టుకు తిరిగొచ్చాక మజ్జిగన్నం కలిపి పెట్టింది. లీదియా మెల్లగా తింది. గిన్నె కడిగి బోర్లించి, తనంతట తానే కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. పిన్నీసులు మూడూ బయటికొచ్చాయి.

మార్తమ్మ వాటిని చూసి చిటపటలాడింది. "ఏమ్మే, నేను చచ్చిపోయినానా? నా కుట్టుకు పిన్నీసు పెట్టే ముందర లోపల తిప్పి చూసినావా?"

ఇంట్లోనుంచి తన నైటీ ఒకటి తెచ్చి లీదియాకిచ్చి, ఆకుపచ్చ చుడీదారు తీసుకుని లోపలి వైపు తిప్పింది. పక్క కుట్టులో రెండు వేళ్ళ గుడ్డ మడిచి ఉంది. ఎండ తగలని గుడ్డ, కొన్నప్పటి ముదురు పచ్చ. బ్లేడుతో పాత కుట్టు ఒక్కొక్కటే తెంపింది. విప్పి, పరిచి, మిషనెక్కించింది. పావుగంట పట్టింది.

"వేసుకో."

లీదియా తొడుక్కుని వచ్చింది. ఊపిరి పీల్చింది. వదిలింది. చేతులు పైకెత్తింది. ఎక్కడా పట్టలేదు. వెలిసిన పచ్చకు అటూ ఇటూ ముదురు పచ్చ చారలు రెండు, చంక నుంచి అంచు దాకా దిగి ఉన్నాయి.

"చారలు కనిపిస్తాయి గదత్తా," అంది మెల్లగా.

"కనిపిస్తాయి. కుట్టేటప్పుడే నీకు తెలీకుండా దాచి పెట్టినా అవి. ఇప్పుడు దాయాల్నంటే కోటు ఉంది గదా, ఉడుకుతా కూచో." లీదియాకు టేపు పట్టి కొలిచి పుస్తకం తీసింది. కిందటేటి వరస కింద కొత్త వరస రాసి, టేపు చేతికి చుట్టుకుంది. పైవరస కొట్టెయ్యలేదు. "ఒంటికి గుడ్డ కుడతారు పిల్లా. గుడ్డకు ఒళ్ళు కుట్టే టైలరు గిద్దలూరులో ల్యాడు."

అప్పుడే మణెమ్మ వచ్చింది. ఆటోవాడు చెప్పాడట ఆసుపత్రి సంగతి. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి కూతుర్ని పట్టుకుంది. లీదియా అంతా చెప్పేసింది. ఉపవాసం సంగతి, జాకెట్టు సంగతి, రెండు భోజనాల సంగతి.

మణెమ్మ నోరు తెరిచి వినింది. "ఒళ్ళు చేసినావంటే బాగుండావని గదనే అనింది! పిల్లకు పరదేశం నీళ్ళు పడినాయని సంతోషంతో అన్నా!"

"నువ్వు సంతోషంతోనే అన్నావమ్మా. నాకే వేరే లెక్క వినబడింది."

"మరి రోజూ రెండుసార్లు ఎందుకు తిన్నావే?"

"నువ్వు చూపించమంటివి!"

"చూడకపోతే నువ్వు తిన్నావని నాకెట్ల తెలిసేది?"

"ఏడింటికి ఫోను చెయ్యి. అప్పుడే ఒకసారి తింటా, నువ్వే చూడు."

"ఏడింటికి మీ నాయన రాడు గదా."

"నాయనతో తొమ్మిదింటికి మాట్లాడతా. గిన్నె లేకుండా."

మణెమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇంతలో ఏదో గుర్తొచ్చి భయపడిపోయింది. "అయ్యో! మరి చర్చిలో ఇరవై ఒక్క రోజులని చెప్పుకుంటిమే! ఇప్పుడు ఏమని చెప్పేది?"

"ఉన్నదే చెప్తా," అంది లీదియా. "సాక్ష్యం చెప్పమన్నారు గదా."

*

ఆదివారం చర్చి నిండిపోయింది. బయట షామియానా కింద కూడా కుర్చీలు వేశారు. వెనక పొయ్యిల మీద మాంసం ఉడుకుతోంది. పాస్టరమ్మ లీదియా పేరు పిలిచి, ఉపవాస ప్రార్థనలో ఉన్న మన బిడ్డ అంది. ముందు వరసలో కూచున్న మేనత్త చప్పట్లు కొట్టింది.

లీదియా లేచింది. కోటు లేదు. మార్తమ్మ కొత్త కొలతకు కుట్టిన వంగపండు రంగు జాకెట్టు ఇంట్లోనే ఉంచి, పచ్చ చారల చుడీదారు వేసుకుని వచ్చింది. మైకు పట్టుకుంది.

"నేను ఉపవాసం ఉండింది దేవుని కోసం కాదు," అంది. "నా పాత బట్ట కోసం."

తర్వాత ఆమె రెండు భోజనాల కథ చెప్పింది. ఖాళీ గిన్నె చూసి అమ్మ ఏడ్చిన రోజు చెప్పింది. మంచులో నడక, ఆలుగడ్డ బన్ను, ఎముకల పేర్లు చెప్పింది. రెండో భోజనం దగ్గర ఎవరో వెనక నవ్వారు. ఆ నవ్వు పాకి, ముందు వరస దాకా వచ్చి, చివరికి మణెమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాస్టరమ్మ నవ్వకుండా ఉండడానికి బైబిలు తెరిచింది.

"కొత్త చోటుకు పోతే ఒళ్ళు మారుతుందంట. మెల్లగా అదే సర్దుకుంటుందంట. సెప్టెంబరులో నేను తిరిగి పోతాండా. నా కోసం ప్రార్థన చెయ్యండి. బరువు గురించి కాదు, పరీక్షల గురించి," అని దిగిపోయింది.

భోజనాలప్పుడు మేనత్త ఎదురొచ్చి చెంపలు పట్టుకుంది. "ఎంత చెప్పినా ఒళ్ళు చేసినావు పిల్లా!"

మణెమ్మ అడ్డం రాబోయింది. లీదియా విస్తరి ముందుకు జరిపింది.

"చేసినా అత్తా. ఒక గరిటె చాలు, ముక్కలెయ్యి. రాత్రికి మళ్ళీ తినను, ఇప్పుడే తింటా."

మార్తమ్మ అంచున ఒక కుర్చీలో కూచుని ఉంది. ఆమె ముఖాల వైపు చూడలేదు. విస్తరి అందుకోవడానికి లీదియా చెయ్యి చాచినప్పుడు చంక దగ్గర కుట్టు చూసింది. గుడ్డ పట్టలేదు, లాగలేదు, చారలు నిటారుగా దిగి ఉన్నాయి. ఎడమ భుజం ఎప్పట్లాగే అరంగుళం కిందికి ఉంది.

మణెమ్మ ఆమె కోసం విస్తరి పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. స్టేషను రోడ్డు వైపు, చంకలో సంచితో మార్తమ్మ అప్పటికే మలుపు తిరుగుతోంది.